డిస్క్ మీద ఎన్‌క్రిప్షన్ ఎలాగూ ఉంటే సొంత కీ ఎందుకు?

శ్రీలత: అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్ ఎస్3లో పెట్టినవన్నీ వాళ్లే ఎన్‌క్రిప్ట్ చేస్తున్నారు, డేటా వెళ్లే దారిలో టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్ ఉంది. అయినా కీ మా చేతిలోనే ఉండాలని ఆడిటర్ పట్టుబడుతున్నారు. ఉత్త పని పెంచడమే కదా?

కిరణ్: సొంత కీ పెడితే క్లౌడ్ కంపెనీ మన డేటా చదవలేదు. అదే తేడా.

పద్మజ: అంత దూరం వెళ్లదు కిరణ్ గారూ. కీలు దాచే అమెజాన్ సర్వీస్ కేఎంఎస్‌లో కీ మన పేరు మీద ఉన్నా, ఉండేది వాళ్ల హార్డ్‌వేర్‌లోనే, డేటా విప్పేదీ వాళ్ల సర్వర్లే. అసలు తేడా అనుమతి దగ్గర వస్తుంది. ఎస్3లో ఫైళ్లు ఉండే బకెట్ ఒకటి పొరపాటున పబ్లిక్ అయిందనుకోండి. 2023 జనవరి నుంచి కొత్త ఫైళ్లకు డిఫాల్ట్‌గా ఉన్న ఎస్3 కీతోనే నడుస్తుంటే, ఎవరో లింక్ తెరవగానే ఎస్3 డేటాను విప్పి ఇచ్చేస్తుంది, టీఎల్‌ఎస్ దాన్ని భద్రంగా వాళ్లకు చేరుస్తుంది. రెండు ఎన్‌క్రిప్షన్లూ సరిగ్గానే పనిచేశాయి, డేటా మాత్రం పోయింది! కేఎంఎస్ కీ ఉంటే చదివేవాళ్లకు `kms:Decrypt` అనుమతి కూడా ఉండాలి. ఊరూపేరూ లేని రిక్వెస్ట్‌ని ఎస్3 తిప్పి పంపేస్తుంది.

కిరణ్: దానికి అమెజాన్ తనే మన అకౌంట్‌లో పెట్టే `aws/s3` కీ చాలు కదా? అదీ కేఎంఎస్‌దే.

పద్మజ: ఈ ఒక్క విషయంలో చాలు, మీరన్నది నిజం. కానీ దాని పాలసీ మనం మార్చలేం, వేరే అకౌంట్‌కి ఇవ్వలేం, అవసరమైన రోజు డిసేబుల్ చేయలేం. సొంత కీతో ఆ మూడూ మన చేతిలో ఉంటాయి.

రమణ: డిసేబుల్ అంటే గుర్తొచ్చింది. పాత ఉద్యోగంలో ఒక ప్రాజెక్టు మూసేశామనుకుని దాని కీ డిసేబుల్ చేశాం. అదే కీ మీద ఉన్న డేటాబేస్ సర్వర్ నడుస్తూనే ఉంది, మాకెవరికీ అనుమానం రాలేదు. మూడు వారాలకు ప్యాచ్ కోసం ఆపి స్టార్ట్ చేస్తే లేవలేదు. రాత్రంతా డిస్క్ పోయిందనే టెన్షన్.

పద్మజ: డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసేది మన కీ కాదండి, దాని కింద ఉండే ఇంకో డేటా కీ. డిస్క్ తగిలించినప్పుడు మన కీతో డేటా కీని ఒకసారి విప్పి, హోస్ట్ మెమరీలో ఉంచుకుంటారు. డిస్క్ ఊడేదాకా మన కీ మళ్లీ అక్కర్లేదు. అందుకే కీ ఆపితే అన్నీ వెంటనే ఆగిపోతాయని నమ్మకూడదు. మీరు డిలీట్ చేయకపోవడం మంచిదైంది. దానికి 7 నుంచి 30 రోజుల గడువుంటుంది, అది దాటితే ఆ కీ మీదున్న బ్యాకప్‌లు కూడా ఎవరూ తెరవలేరు.

శ్రీలత: మా దగ్గర బకెట్ అనుమతులు, కీ పాలసీ రెండూ ఒకే అడ్మిన్ చేతిలో ఉన్నాయి. అప్పుడు ఈ రెండో తాళం వల్ల లాభమేంటి?

పద్మజ: పబ్లిక్ అయ్యే పొరపాటును అప్పుడూ ఆపుతుంది. అదే అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగిలిస్తే ఆపదు. కీ పాలసీ ఇంకొకరికి అప్పగించాలి.

కిరణ్: ఉన్నదే నలుగురైతే ఆ ఇంకొకరు ఎవరండీ?