సార్‌కి ఎల్‌ఓఆర్, అంటే రికమెండేషన్ లెటర్, అడిగే మెయిల్: గడువులు, వివరాలు రాస్తే పని పురమాయించినట్టు ఉంటుందా?

ఫైనలియర్_సీఎస్ఈ: అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేస్తున్నా. థర్డ్ ఇయర్‌లో డీబీఎంఎస్ చెప్పిన సార్‌కి రాసిన మెయిల్ సారాంశం: "గౌరవనీయులైన సార్, నాకు మూడు యూనివర్సిటీలకు ఎల్‌ఓఆర్ కావాలి. దయచేసి త్వరగా పంపగలరు." తేదీలు కూడా రాయమని ఫ్రెండ్ అంటున్నాడు. పెద్దాయనకి గడువు పెట్టడం మర్యాదేనా?

చాక్‌పీస్_మేష్టారు: ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. ఇలాంటి మెయిళ్లు ఏటా వస్తాయి. "గౌరవనీయులైన" అని ఉంది గానీ, "కావాలి" అన్నాక కాదనడానికి మాకు సందేదీ? మొహమాటానికి ఒప్పుకున్నవాడు "క్రమశిక్షణ గల విద్యార్థి" అని నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటాడు. అది నీకే నష్టం. "రాయడం వీలవుతుందా" అని అడుగు. ఇక తేదీలంటావా, అవి లేకపోతేనే మాకు చిరాకు. సెక్షన్‌లో అరవై మంది. రోల్ నంబరు, చేసిన ప్రాజెక్టు చెప్పకపోతే ముఖం కూడా గుర్తురాదు.

అమీర్‌పేట_టు_డల్లాస్: అంత కథెందుకు బ్రో? లెటర్ నువ్వే రాసి అటాచ్ చెయ్, సార్ సంతకం పెట్టేస్తారు. నాకలాగే అయింది.

చాక్‌పీస్_మేష్టారు: ఇప్పుడు చాలాచోట్ల లింక్ నేరుగా మాకే వస్తుంది బాబూ, అప్‌లోడ్ మేమే చెయ్యాలి. పైగా వేర్వేరు సార్ల పేరుతో వెళ్లిన లెటర్లన్నీ ఒకే ధోరణిలో ఉంటే చదివేవాళ్లు పట్టేస్తారు.

గుంటూరు_అక్క: మా తమ్ముడికి ట్రాన్స్‌క్రిప్ట్‌లకే నెల పట్టింది. ఎల్‌ఓఆర్ కూడా ఎగ్జామ్ సెల్‌లోనే ఇస్తారా?

ఫైనలియర్_సీఎస్ఈ: కాదక్కా, ఇది సార్ సొంతంగా రాసేది. మార్చి రాశాను, చూడండి:

"నమస్కారం సార్. నేను బి సెక్షన్, రోల్ నంబరు 47. మీ ల్యాబ్‌లో హాస్టల్ మెస్ బిల్లుల డేటాబేస్ చేసిన టీమ్‌లో ఉన్నాను. టేబుల్స్ నార్మలైజ్ చేయలేదని రెండో రివ్యూలో మీరు వెనక్కి పంపారు, వారంలో సరిచేసి చూపించాం. ఎమ్మెస్‌కి అప్లై చేస్తున్నాను. ఆ పని ఆధారంగా నా గురించి రాయడం మీకు వీలవుతుందా? కుదరకపోతే ఫర్వాలేదు సార్. సరేనంటే రెజ్యూమె, మార్కుల మెమోలు, యూనివర్సిటీల పట్టిక పంపుతాను. మొదటి గడువు డిసెంబర్ 15."

వెనక్కి పంపిన సంగతి తీసెయ్యనా? పరువు పోతుందేమో.

చాక్‌పీస్_మేష్టారు: అదే ఉంచు. మార్కులు మెమోలో ఎలాగూ ఉంటాయి, తప్పు చెప్తే ఎలా దిద్దుకున్నావో నేను రాస్తేనే తెలుస్తుంది. పట్టికలో గడువు మన టైమ్‌లో రాయి. న్యూయార్క్‌లో 15 రాత్రి 11:59 అంటే మనకి 16 ఉదయం 10:29. సార్ ఒప్పుకోకముందే పోర్టల్‌లో ఆయన పేరు ఎక్కించకు. ఎక్కించేటప్పుడు కాలేజీ మెయిల్ ఐడీ ఇవ్వు.

అమీర్‌పేట_టు_డల్లాస్: అన్నీ సరే మేష్టారూ. ఆ సారే "నువ్వే రాసుకురా" అంటే?

చాక్‌పీస్_మేష్టారు: మా స్టాఫ్‌రూమ్‌లో సగం మంది అదే అంటారు. నాకు నచ్చదు. కానీ ఆ మాట అన్న సార్‌తో వాదించమని వీడికి ఎలా చెప్పను?