పేపర్ నిజంగా చదివానని ఈ రెండు వాక్యాలతో ప్రొఫెసర్‌కి తెలుస్తుందా?

నేను కెమికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది. మాది నల్గొండ జిల్లా. వేసవి రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ కోసం ముప్పై మంది ప్రొఫెసర్లకు "మీ పరిశోధన నాకెంతో ఆసక్తి" అంటూ ఒకే మెయిల్ పంపాను. ఒక్కరూ జవాబివ్వలేదు. పేరు మారిస్తే ఎవరికైనా సరిపోయే మెయిల్ అది, వాళ్లనేం అనగలం!

ఈసారి ఒక్కరినే ఎంచుకున్నాను. యాక్టివేటెడ్ అల్యూమినాతో నీళ్లలోని ఫ్లోరైడ్ తీసేయడం మీద ఆయన రాసిన పేపర్ రెండుసార్లు చదివాను. ప్రయోగాలన్నీ డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి చేసినవే. మా బోరు నీళ్లలో బైకార్బనేట్ కూడా ఉంటుంది. అల్యూమినా మీద చోటు కోసం అది ఫ్లోరైడ్‌తో పోటీపడుతుంది. అందుకే ఇలా రాశాను:

"సార్, బైకార్బనేట్ ఉన్న బోరు నీళ్లలో ఈ సామర్థ్యం ఎంత తగ్గుతుందో చూశారా? చూడకపోతే, మా ఊరి నీళ్లతో ఆ బ్యాచ్ టెస్టులు రెండు నెలల్లో చేయాలని ఉంది."

ఆయన పనిలో తప్పు పట్టినట్టు వినిపిస్తోందా? నా పరిచయం కంటే ముందే ఇది పెట్టొచ్చా? ఆయన తర్వాతి పేపర్లలో ఈ పని అయిపోయి ఉంటే పరువు పోతుందని టెన్షన్. పంపేముందు అవన్నీ తిరగేయాలా, సారాంశాలు చూస్తే చాలా?