“44 శాతం తగ్గింది” అన్నదాన్ని మన మాటల్లో ఎంతవరకు మార్చొచ్చు?

తొలిచిత్తు: అమెరికా మగ డాక్టర్ల మీద జరిగిన ఆస్పిరిన్ ట్రయల్ (1989లో వచ్చిన తుది నివేదిక) గురించి లిటరేచర్ రివ్యూలో రాస్తున్నాను. పేపర్‌లో “గుండెపోటు రిస్క్ 44 శాతం తగ్గింది” అని ఉంది. నేను “ఆస్పిరిన్ వాడితే గుండెపోట్లు దాదాపు సగానికి తగ్గుతాయని తేలింది” అని రాశాను. మా గైడ్ తప్పన్నారు. తోటి స్కాలర్ మాత్రం సొంత మాటల్లో రాయడమంటే ఇదే కదా అంటున్నాడు. ఎవరిది సరి?

వేసవిగాలి: గైడ్ గారిదే సరి. అంకెను ముట్టుకోకూడదు. అంకె ఎవరి సొత్తూ కాదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తే దొంగతనం అవదు. “దాదాపు సగం” తీసేసి 44 పెట్టండి, మిగతా వాక్యం మీ ఇష్టం. ఇంతకు మించి ఆలోచించాల్సింది లేదు.

పాతపేజీ: సాఫ్ట్‌వేర్‌లో సిమిలారిటీ ఎంత వచ్చిందో చెప్పలేదు మీరు. అంకెలున్న వాక్యాలన్నీ మ్యాచ్ చూపిస్తుంది, దానికి టెన్షన్ పడకండి. క్రియను ముందుకు జరిపి వాక్యం తిప్పి రాస్తే తగ్గిపోతుంది.

తొలిచిత్తు: సిమిలారిటీ సమస్య కాదండి. అర్థం మారిందా లేదా అన్నదే నా ప్రశ్న.

నాలుగోపట్టిక: అర్థం మారింది. వేసవిగాలి గారు చెప్పినట్టు 44 పెట్టినా మారిన అర్థం తిరిగి రాదు, ఎందుకంటే అసలు నష్టం అంకెలో లేదు. “ఆస్పిరిన్ వాడితే గుండెపోట్లు 44 శాతం తగ్గుతాయి” అన్న వాక్యంలో అంకె సరిగ్గానే ఉంది, కానీ ఎవరికి అన్నది మాయమైంది. ఆ ట్రయల్‌లో ఉన్నది 22,071 మంది మగ డాక్టర్లు, వయసు 40 నుంచి 84 మధ్య, అంతకుముందు గుండెపోటు రానివాళ్లు. రోజు విడిచి రోజు 325 మిల్లీగ్రాములు తీసుకున్నారు. సగటున ఐదేళ్లు గమనించారు. ప్రయోజనం కనిపించింది 50 దాటినవాళ్లలోనే. మీ వాక్యంలో వీళ్లందరూ “వాడితే” అన్న ఒక్క మాటలో కలిసిపోయారు.

ఇది పట్టింపు కోసం చెప్పడం లేదు. 2005లో 39,876 మంది ఆడవాళ్ల మీద ఆస్పిరిన్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. మొదటి గుండెపోటు విషయంలో రిలేటివ్ రిస్క్ 1.02, అంటే తేడా లేదు. మీ వాక్యాన్ని నమ్మినవాళ్లకు ఈ రెండు అధ్యయనాలు కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి. “మగ డాక్టర్లలో” అని ఉంటే అలా అనిపించదు. అలాగని ఆడా మగా తేడా వల్లే ఇలా వచ్చిందని కూడా రాసేయకండి. రెండో ట్రయల్‌లో మోతాదు రోజు విడిచి రోజు 100 మిల్లీగ్రాములే.

వేసవిగాలి: ఒప్పుకుంటున్నాను, శాంపిల్ గురించి నేను ఆలోచించలేదు. కానీ “దాదాపు సగం” అంత పెద్ద తప్పా? 44కీ 50కీ మధ్య దూరం ఎంతని?

నాలుగోపట్టిక: ఆ పేపర్‌లోనే రిలేటివ్ రిస్క్ 0.56, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.45 నుంచి 0.70 అని ఉంది. అంటే తగ్గుదల 30 శాతం కావచ్చు, 55 కావచ్చు. మీరు దాన్ని ఒక వైపుకే, ఎక్కువ వైపుకే జరిపారు. అంకెను గుండ్రం చేసినప్పుడు మన చెయ్యి ఎప్పుడూ ఆకట్టుకునే వైపుకే పోతుంది, అదే నాకు భయం.

ఇంకోటి. సగం అంటే దేనిలో సగం? ఆస్పిరిన్ తీసుకున్న 11,037 మందిలో 139 మందికి గుండెపోటు వచ్చింది. ప్లాసిబో తీసుకున్న 11,034 మందిలో 239 మందికి వచ్చింది. 1.26 శాతం, 2.17 శాతం. ఐదేళ్లలో తేడా సుమారు 0.9 శాతం పాయింట్, అంటే ఒకటి కంటే కాస్త తక్కువ. 44 నిజమే, ఇదీ నిజమే. మొదటిది ఒక్కటే చదివినవాళ్లకు మాత్రం వేరే బొమ్మ కనిపిస్తుంది.

చివరిబెంచి: ఇక్కడ నేను ఒప్పుకోను. పేపర్ రాసినవాళ్లు ముఖ్య ఫలితంగా చెప్పింది 44. 0.9 అన్నది మీరు లెక్కేసింది. రివ్యూ రాసేవాడి పని ఉన్నది చెప్పడం, కొత్త అంకె పుట్టించడం కాదు. పైగా మీ అంకెలతోనే భాగించి చూడండి. 1.26ని 2.17తో భాగిస్తే 0.58 వస్తుంది, తగ్గుదల 42 శాతం. పేపర్‌లో 44. ఇప్పుడు రివ్యూలో 42 రాయాలా?

నాలుగోపట్టిక: మంచి చోట పట్టుకున్నారు. 0.56 నేరుగా భాగిస్తే వచ్చింది కాదు, వయసును, అదే ట్రయల్‌లో పరీక్షించిన బీటా కెరోటిన్ ఎవరికి పడిందన్నదాన్ని లెక్కలోకి తీసుకుని సరిచేసింది. కాబట్టి 44 తీసి 42 పెట్టకూడదు. 139, 239 అన్న లెక్కలు మాత్రం పేపర్ ఇచ్చినవే, వాటిని పక్కన రాయడం పుట్టించడం కాదు. మీరు భాగించి తెచ్చిన శాతం రాస్తే మాత్రం “పేపర్ ఇచ్చిన సంఖ్యల నుంచి నేను లెక్కించింది” అని ఆ వాక్యంలోనే చెప్పాలి. చదివేవాళ్లు పేపర్ తెరిచి ఆ అంకె వెతుక్కుని, దొరక్క మీ మీద నమ్మకం పోగొట్టుకోకూడదు.

చివరిబెంచి: లెక్కలు రాయడం వరకు సరే. సొంతంగా లెక్కించిన శాతం గురించి నా అభిప్రాయం మారలేదు. సరిచేసిన అంకె పక్కన సరిచేయని అంకె పెడితే రెండూ ఒక జాతివే అనుకుంటారు.

మేడమీదగది: నాది వేరే సబ్జెక్టు, విద్యాశాస్త్రం. కానీ దెబ్బ తిన్నాను కాబట్టి చెబుతున్నా. చదివే అలవాటుకీ మార్కులకీ మధ్య r = 0.30 అని ఒక పేపర్‌లో ఉంటే “మార్కుల్లో 30 శాతానికి చదివే అలవాటే కారణం” అని రాశాను. వైవాలో అడిగారు. r ని వర్గం చేస్తే 0.09, అంటే మార్కుల్లోని తేడాల్లో 9 శాతం దీనితో కలిసి మారుతున్నాయి. “కారణం” అన్న మాటైతే ఆ పేపర్‌లో ఎక్కడా లేదు, నేను చేర్చిందే. నా మటుకు నాకు అంకె కంటే క్రియ ఎక్కువ మోసం చేసింది. “తగ్గుతాయి” అనడానికీ “తక్కువగా వచ్చాయి” అనడానికీ తేడా అప్పుడు తెలిసింది.

నాలుగోపట్టిక: క్రియ గురించి మీరు అన్నది ఇక్కడా పనికొస్తుంది. ఆస్పిరిన్‌ది లాటరీ పద్ధతిలో కేటాయించిన ట్రయల్ కాబట్టి కారణం గురించి మాట్లాడొచ్చు, కానీ “తగ్గుతాయి” అంటే అందరికీ ఎప్పటికీ అన్నట్టుంది. “తగ్గింది” అంటే ఆ మనుషుల్లో, అప్పుడు.

శాంపిల్ దగ్గర ఇంకో మాట, తొలిచిత్తు గారూ. మొదట 33,223 మంది చేరారు. సుమారు 18 వారాలు అందరికీ ఆస్పిరిన్ ఇచ్చి చూసి, పడనివాళ్లనూ సరిగ్గా వేసుకోనివాళ్లనూ పక్కన పెట్టాక మిగిలినవాళ్లు 22,071. వేరే రివ్యూ నుంచి అంకె ఎత్తుకుంటే పెద్ద సంఖ్య వచ్చి పడే ప్రమాదం ఉంది. మూల పేపర్‌లో పట్టిక దగ్గరే చూసుకోండి.

తొలిచిత్తు: ఇలా మార్చాను, చూడండి. “గుండెపోటు చరిత్ర లేని, 40–84 ఏళ్ల 22,071 మంది అమెరికా మగ డాక్టర్లలో, రోజు విడిచి రోజు 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ తీసుకున్నవారికి సగటున ఐదేళ్లలో గుండెపోటు రిస్క్ ప్లాసిబో వర్గం కంటే 44 శాతం తక్కువగా ఉంది (రిలేటివ్ రిస్క్ 0.56, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.45–0.70, గుండెపోట్లు 139, 239). ఈ ప్రయోజనం 50 ఏళ్లు దాటినవారిలోనే కనిపించింది.”

వేసవిగాలి: తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ రివ్యూలో నలభై అధ్యయనాలుంటే ప్రతిదానికీ ఇంత పొడుగు వాక్యమా? చదవగలమా?

నాలుగోపట్టిక: వాదన దేనిమీద నిలబడిందో ఆ నాలుగైదు అధ్యయనాలకే ఇంత వివరం. మిగతావి పట్టికలో పెట్టొచ్చు. పట్టికలో కూడా “ఎవరు” అన్న గడి మాత్రం తీసేయకండి.

చివరిబెంచి: అదే పట్టికలో లెక్కించిన శాతానికి గడి పెడతారా? మీ గైడ్ గారు ఏమంటారో అడిగి ఇక్కడ రాయండి తొలిచిత్తు గారూ.

తొలిచిత్తు: సోమవారం కలుస్తున్నాను. రెండు రకాలుగానూ పట్టిక వేసి తీసుకెళ్తాను.