‘అది సరే గానీ’ అంటే మాట దాటేసినట్టేనా?

శ్రీవిద్య:
ఒక కథ పరిష్కరిస్తున్నాను. తండ్రి గుండె పరీక్షలు చేయించుకుని ఇంటికొచ్చాడు. కూతురు ఫోన్ చేసింది.

“డాక్టరు గారు ఏమన్నారు నాన్నా?”
“ఏమంటాడు, గుండె ఉన్నచోటే ఉందన్నాడు. అది సరే గానీ, బాబుకి పరీక్షలెప్పుడు?”

దీని కింద రచయిత ‘నాన్న మాట దాటేశాడు’ అని రాశారు. ఆ వాక్యం నాకు తొందరపాటు తీర్పులా ఉంది. తప్పించుకోవడం కాకుండా, బరువైన మాట చెప్పే ముందు కాస్త తేలికపడటానికి కూడా ఇలా అంటారు కదా. ఈ రెంటికీ తేడా మాటల్లోనే తెలుస్తుందా?

రామకృష్ణ:
ఇందులో అనుమానం ఏముందండీ? ‘గానీ’ అంటేనే ముందున్నదాన్ని కాదనడం. అడిగినదానికి జవాబు లేదు, పైగా హాస్యం. దాటేశాడనే రాయాలి. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా?

సుబ్బలక్ష్మి:
రామకృష్ణ గారూ, జవాబు లేదన్న మీ గమనింపు సరైనదే. ‘గానీ’ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. ఇక్కడ అది దేన్నీ కాదనడం లేదు. ‘సరే’ అంతవరకు నడిచిన మాటను ఒప్పుకుని మూస్తుంది, ‘గానీ’ కొత్త మాటకు తలుపు తీస్తుంది. “టికెట్లు దొరికాయి. అది సరే గానీ, స్టేషనుకి ఎవరొస్తారు?” అన్నప్పుడు ఎవరూ ఏదీ దాటేయలేదు. జవాబు చెప్పేశాక మూశారు. కాబట్టి ముందు చూడాల్సింది ‘సరే’తో మూసిన మాట పూర్తయిందా, లేదా అని.

ఈ కథలో పూర్తవలేదు. అయినా తీర్పుకి ఇంకా వేళ కాలేదు. కూతురు తర్వాత ఏమంటుందో రానివ్వాలి. వదిలిన మాట దగ్గరికి మళ్లీ వెళ్లడానికి మనకో చక్కని మాట ఉంది: ‘ఇంతకీ’. దాన్ని పెట్టి రెండు రకాలుగా రాసి చూడండి.

మొదటిది:
“పదో తారీకు నుంచి. ఇంతకీ డాక్టరు ఏమన్నారు?”
“రెండు రక్తనాళాలు పూడుకున్నాయట. స్టెంట్లు వేయాలన్నారు. సోమవారం రమ్మన్నారు.”

రెండోది:
“పదో తారీకు నుంచి. ఇంతకీ డాక్టరు ఏమన్నారు?”
“ఏం లేదులేమ్మా. లెక్కలు బాగా చేస్తున్నాడా?”

మొదటిదాంట్లో ఆ హాస్యం ఊపిరి తీసుకోవడమే. రెండు మాటల వ్యవధి దొరికింది, తర్వాత విషయం వివరంగా బయటికొచ్చింది. రెండోదాంట్లో దాటవేత స్పష్టం. ‘ఏం లేదు’ ఒక్కటే అయితే అది జవాబు కావచ్చు. చివరన ‘లే’ చేరగానే ఇక అడగొద్దన్న ధ్వని వచ్చింది, వెంటనే ఇంకో ప్రశ్న పడింది. రచయిత మూడో మాట రాకముందే తీర్పు చెప్పేశారు, చిక్కంతా అక్కడుంది.

హరి:
అసలు ‘గాని’ సరైనదా, ‘గానీ’నా? పుస్తకాల్లో రెండూ కనిపిస్తున్నాయి.

సుబ్బలక్ష్మి:
రెండూ ఉన్నాయి హరి గారూ. మాట్లాడేటప్పుడు చివర సాగదీస్తాం కాబట్టి సంభాషణల్లో ‘గానీ’ సహజంగా ఉంటుంది. ఇక్కడ అడిగింది మాత్రం వేరే సంగతి.

నర్సింగ్:
మా దిక్కు ‘గది సరే గని’ అంటరు, అది మెత్తగుంటది. ‘గా ముచ్చట ఇడిసిపెట్టు’ అన్నరనుకో, అది ఎదుటోళ్లకి చెప్పుడు, నువ్వు అడుగుడు ఆపు అని. ‘అదట్ల ఉండనీ’ అంటే మల్ల ఎప్పుడన్న మాట్లాడొచ్చు. మూడింటికీ ‘మాట దాటేసిండు’ అని ఒక్కటే రాస్తే ఆ ఫరకు పోతది. నాకైతే ‘ఇడిసిపెట్టు’ అన్నోడు దాటేసినట్టు కాదు, మొకం మీదనే వద్దని చెప్పినట్టు.

శ్రీవిద్య:
నర్సింగ్ గారూ, ఇది చాలా పనికొస్తుంది. దాటేయడంలో చెప్పకుండా జారుకోవడం ఉంది. మీరన్నది బాహాటంగా వద్దనడం.

లత:
మా ఇంట్లో అప్పు మాట ఎత్తితే చాలు, మా ఆయన ఏదో ఒక జోక్ వేస్తారు. పిల్లలు పకపకా నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది. దాన్ని ఊరట అనమంటారా?

సుబ్బలక్ష్మి:
మీ ఇంటి సంగతి నేను తేల్చలేను లత గారూ. కానీ మీరు చెప్పినదాంట్లో గమనించాల్సింది ఒకటుంది. ముందు నవ్వింది ఎవరు, ఆ కష్టం ఎవరిది అన్నది. గెయిల్ జెఫర్సన్ అనే పరిశోధకురాలు ఇంగ్లిష్ సంభాషణల రికార్డులు పరిశీలించి 1984లో దీనిమీద ఒక వ్యాసం ప్రచురించారు. కష్టం చెప్పుకునేవాళ్లు మధ్యలో నవ్వుతారు, తట్టుకుంటున్నానని చూపడానికి. వినేవాళ్లు సాధారణంగా ఆ నవ్వులో కలవరు, విషయాన్నే పట్టుకుంటారు. అది అక్కడి మాటతీరే అయినా మనకీ పోలిక కనిపిస్తుంది. ‘అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు’ అన్న సామెతలో దెబ్బ తిన్నది కోడలు, నవ్వింది పక్కనున్నామె. కష్టం ఉన్నవాళ్లు నవ్వితే అది వాళ్లకు ఊతం కావచ్చు, వినేవాళ్లు ముందుగా నవ్వితే చెప్పేవాళ్ల నోరు మూతపడుతుంది. అప్పు ఇద్దరిదీ అయినప్పుడు అదే నవ్వు ఒకరికి ఊతంగానూ ఇంకొకరికి దెబ్బగానూ ఉండొచ్చు.

రామకృష్ణ:
సరే, మూడో మాట వరకూ ఆగాలన్నది ఒప్పుకుంటాను. కానీ మీ రెండో రూపంలో తండ్రి తనకోసం తప్పించుకోవడం లేదేమో. దూరాన ఉన్న కూతురు బెంగపడుతుందని దాస్తున్నాడేమో. దాన్ని దాటవేత అంటే ఆయనకు అన్యాయం కాదా?

సుబ్బలక్ష్మి:
ఇది మంచి ప్రశ్న. ‘ఇంతకీ’ పరీక్షతో జవాబు వచ్చిందా, లేదా అన్నదే తెలుస్తుంది. ఎందుకు రాలేదో తెలియదు. ఆ కారణం కథలో వేరేచోట కనిపించాలి. భార్యతో, స్నేహితుడితో విషయమంతా చెప్పి కూతురి దగ్గర మాత్రమే నవ్వితే ఆమెను కాపాడుతున్నాడు. ఎవరికీ చెప్పకపోతే, సోమవారం ఆసుపత్రికి వెళ్లకపోతే, తననుంచి తానే దాక్కుంటున్నాడు. ఒక్క ఫోన్ సంభాషణలో ఈ రెండూ అచ్చం ఒకలాగే వినిపిస్తాయి.

నర్సింగ్:
ఇంకోటి. మాట మార్చేదంత పారిపోవుడే కాదు. ఫోన్ పెట్టేసే ముంగట ‘అన్నట్టు, రిపోర్ట్ వచ్చింది’ అంటరు సూడు. పంటలు, పిల్లలు, వాన అన్నీ అయినంక అసలు ముచ్చట అప్పుడొస్తది. గక్కడ మాట మార్చినందుకే బరువు ముచ్చట బయటపడ్డది. ‘అన్నట్టు’ అనంగనే ఫోన్ చెవికాడికి మల్ల తెచ్చుకోవాలె.

శ్రీవిద్య:
అయితే తండ్రి బాబు పరీక్షల గురించి, వాన గురించి మాట్లాడాక చివర్లో ‘అన్నట్టు, సోమవారం ఆసుపత్రికి వెళ్లాలి’ అనేలా మార్చుకోమని రచయితకు సూచించవచ్చు. అప్పుడు ‘ఇంతకీ’ కూతురు అనక్కర్లేదు.

రామకృష్ణ:
అలా మారిస్తే అది వేరే తండ్రి అవుతాడండీ. నేనైతే రెండో రూపమే ఉంచి, ‘మాట దాటేశాడు’ తీసేసి ‘నవ్వేసి ఊరుకున్నాడు’ అని రాస్తాను. ఎందుకో చెప్పదు, జరిగింది మాత్రం చెబుతుంది.

సుబ్బలక్ష్మి:
‘నవ్వేసి’లో కూడా వదిలించుకున్న ధ్వని ఉంది రామకృష్ణ గారూ. పైగా మీ రూపంలో ఆయన ఊరుకోలేదు, లెక్కల గురించి అడిగాడు. నా మాట వింటే కథకుడి వాక్యం అసలు వద్దు. లెక్కల ప్రశ్న తర్వాత కూతురు ఒక్క క్షణం మాట్లాడకుండా ఉండి, “బాగానే చేస్తున్నాడు” అంటే చాలు.

రామకృష్ణ:
ఆ క్షణం మౌనాన్ని రాయడానికి మళ్లీ కథకుడే కావాలి కదండీ.