ప్రసంగంలో తర్కదోషం పట్టుకోడానికి ఏ ప్రశ్న అడగాలి?

విజయనగరంలో తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒప్పించే ప్రసంగాలు చేయిస్తున్నాం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, తర్వాత మూడు ప్రశ్నలు. ఆ ప్రశ్నల గురించే మీ సలహా కావాలి.

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఒక ప్రసంగం అనుకోండి. "జబ్బు వచ్చినవాళ్లంతా బోరు నీళ్లు తాగినవాళ్లే, కాబట్టి నీళ్లే కారణం" అన్నది వాదన. "ఇది తర్కదోషం కాదా?" అని అడిగితే "కాదండీ" అనేస్తారు, అక్కడితో సరి. "అవే నీళ్లు తాగి జబ్బు రానివాళ్లు ఎంతమంది? తాగకుండానే వచ్చినవాళ్లు ఉన్నారా?" అంటే ఖాళీ బయటపడుతుంది. ఊరంతా బోరు నీళ్లే తాగుతుంటే రోగులూ అవే తాగి ఉంటారు, దాన్నిబట్టి ఏమీ తేలదు. అలాగని నీళ్లు కారణం కాదనీ రుజువు కాదు. పిల్లలకి ఎక్కనిది ఈ రెండో మాటే; వాదన తప్పు అనగానే విషయమే అబద్ధం అనుకుంటారు. (ఉద్దానంలో కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు.)

నేను ఆగిపోతున్నది "డాక్టరు గారు చెప్పారు" దగ్గర. కిడ్నీ డాక్టరు మాటకి విలువుంది, సినిమా హీరో మాటకి ఇక్కడ లేదు. "ఆయనకెలా తెలుసు?" అంటే రెండింటికీ "పెద్దాయన కదండీ" అనే జవాబే. "ఆయన చూసింది రోగులనా, నీళ్ల పరీక్షలనా?" అని మార్చి చూద్దామనుకుంటున్నాను, కానీ డాక్టరు వైద్యం గురించి చెప్పిన మాటకి ఈ ప్రశ్న అతకదు. రెండు సందర్భాలకీ పనికొచ్చే ప్రశ్న, జవాబు చెప్పకనే చెప్పేయనిది, మీ దగ్గర ఉందా?