‘యాజ్ పర్ మై లాస్ట్ మెయిల్’ మానేస్తే రేపు రుజువేది?

రాయపురం డాక్స్
చెన్నైలో ఒక ఫ్రైట్ ఫార్వర్డింగ్ ఆఫీసులో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ చూస్తాను. 4వ తేదీ మధ్యాహ్నం కస్టమర్‌కి బీఎల్ డ్రాఫ్ట్ పంపి, సరిచూసి చెప్పమన్నాను. బీఎల్ అంటే సరుకు అందినట్టు షిప్పింగ్ లైన్ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్. 7న పొద్దున వాళ్ల దగ్గర్నుంచి ‘డ్రాఫ్ట్ ఎప్పుడు పంపుతారు?’ అని మెయిల్. ‘యాజ్ పర్ మై ట్రెయిలింగ్ మెయిల్, డ్రాఫ్ట్ ఆల్రెడీ షేర్డ్. కైండ్లీ చెక్ ప్రాపర్లీ’ అని రాశాను. వాళ్ల మేనేజర్ నేరుగా మా బాస్‌కి ఫోన్ చేశాడు. ఇకమీదట అలాంటి మాటలు రాయొద్దని బాస్ ఆర్డర్. మెత్తగా రాస్తే, రేపు బీఎల్ దిద్దినందుకు లైన్ వాళ్ల అమెండ్‌మెంట్ ఛార్జి పడ్డాక ‘మాకసలు అందనే లేదు’ అంటే మా చేతిలో ఏముంటుంది? మీరైతే ఏం రాస్తారు?

గిండీ గోపి
మార్చొద్దు బ్రదర్. రేపు డబ్బు గొడవ వస్తే పనికొచ్చేది ఆ వాక్యమే. ‘ముందే చెప్పాం’ అని రాతలో ఉండాలి. మెయిల్ కోర్టులో కూడా సాక్ష్యమే, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 చూడండి, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. మర్యాద చూసుకుంటూ కూర్చుంటే ఛార్జి మన నెత్తినే పడుతుంది.

తాంబరం లోకల్
ఇంత ఆలోచన ఎందుకండీ, రిమైండర్ మనం చేత్తో రాయడం మానేస్తే సరి. మెయిల్ పంపినప్పుడే రెండు రోజుల తర్వాత వెళ్లేలా ‘జెంటిల్ రిమైండర్’ ఒకటి షెడ్యూల్ చేసి పెట్టేస్తా. నా పని అయిపోయింది.

రాయపురం డాక్స్
లోకల్ గారూ, రిమైండర్ ఎప్పుడు పంపాలన్నది కాదండీ నా ప్రశ్న. వాళ్లే అడిగారు. ఇచ్చిన జవాబునే మళ్లీ ఇస్తూ, ముందే ఇచ్చామన్న సంగతి ఎలా చెప్పాలి అన్నది.

ప్యారిస్ కార్నర్ పాతకాపు
మాటలు మార్చే ముందు ఒక పని చేయండి. 4వ తేదీ మెయిల్ తెరిచి To, Cc వరసలో ఎవరెవరున్నారో చూడండి. 7న అడిగిన మనిషి అందులో ఉన్నారా? ఇలాంటి తగవులు చాలా చూశాను, చాలాసార్లు ఆ మనిషి మధ్యలో వచ్చి కలిసినవారే. ఎవరో రిప్లై ఆల్ కొట్టి వాళ్ల పేరు చేర్చి ఉంటారు. రిప్లైలో పాత మెయిల్ అక్షరాలు కిందికి వస్తాయి గానీ అటాచ్‌మెంట్ రాదు, అది ఫార్వర్డ్‌లోనే వెళ్తుంది. ‘డ్రాఫ్ట్ జత చేశాం’ అన్న మాట వాళ్లకు కనిపిస్తుంది, డ్రాఫ్ట్ ఉండదు. Gmailలో అయితే ఆ పాత అక్షరాలు కూడా మూడు చుక్కల వెనక మడిచి ఉంటాయి. అలాంటి మనిషికి ‘ట్రెయిలింగ్ మెయిల్ చూడు’ అని రాస్తే, లేనిదాన్ని వెతకమన్నట్టు. పైగా ‘ప్రాపర్లీ’ అన్నారు.

ఇక రుజువు సంగతి. గోపి గారన్నది సగం నిజం. రాతలో ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ ‘లాస్ట్ మెయిల్’ అంటే ఏది? 4కీ 7కీ మధ్య కంటైనర్ పికప్ గురించి, వీజీఎం అనే కంటైనర్ మొత్తం తూకం గురించి మీరే ఇంకో రెండు మూడు పంపి ఉంటారు. మూడు నెలల తర్వాత అకౌంట్స్ వాళ్లు ఆ ఫైలు తీస్తే, ఏ మెయిల్ అని మీకే వెతుకులాట అవుతుంది. తేదీ, సబ్జెక్టు, ఫైలు పేరు, ఈ మూడూ రాస్తే ఎవరు చదివినా అదే చోటికి వెళ్తారు. మీ ఘాటు వాక్యంలో ఆ మూడింట్లో ఒక్కటీ లేదు.

నేనైతే ఇంగ్లిష్‌లో ఈ వరసలో రాస్తాను:

“బీఎల్ డ్రాఫ్ట్ మళ్లీ జత చేశాను. ఇది 4వ తేదీ మధ్యాహ్నం ‘డ్రాఫ్ట్ బీఎల్ ఫర్ అప్రూవల్’ సబ్జెక్టుతో పంపిన ఫైలే, మార్పు లేదు. కన్సైనీ చిరునామా, గ్రాస్ వెయిట్, ఈ రెండూ సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పండి. లైన్ కటాఫ్ 8వ తేదీ సాయంత్రం 5 గంటలు. ఆ తర్వాత వచ్చే మార్పులకు లైన్ వేసే అమెండ్‌మెంట్ ఛార్జి ఉంటుంది.”

అడిగింది ముందు ఇచ్చేశారు. 4న పంపామన్నది దాని వెనకే వచ్చింది, ఫైలును గుర్తుపట్టడానికి పనికొచ్చే వివరంగా. ‘మీరు చదవలేదు’ అన్న మాట ఎక్కడా లేదు, కాబట్టి వాళ్ల మేనేజర్ ఫోన్ చేయడానికి పట్టుకునేదేమీ లేదు. ‘ఆల్రెడీ’, ‘ప్రాపర్లీ’, ‘యాజ్ మెన్షన్డ్ మల్టిపుల్ టైమ్స్’, గుచ్చుకునేవి ఇవే. తీసేస్తే సమాచారం ఒక్క అక్షరం తగ్గదు.

రాయపురం డాక్స్
చూశాను. అడిగినావిడ పేరు 4న లేదు, 5న సాయంత్రం వాళ్లవాళ్లే కలిపారు. కానీ వాళ్ల ఆఫీసులో ఇంకో ఇద్దరికి ఆ మెయిల్ వెళ్లింది కదండీ. పక్క సీటును అడగడం కూడా నా పనేనా? ప్రతిసారీ మళ్లీ జత చేసి పంపితే, వెతుక్కోవడం వాళ్లకెప్పుడు అలవాటవుతుంది?

ప్యారిస్ కార్నర్ పాతకాపు
అలవాటవ్వదు. అది మార్చడం మన జీతంలో లేదు. 8వ తేదీ 5 గంటల లోపు డ్రాఫ్ట్ ఓకే అవ్వడమే మీ పని.

మళ్లీ జత చేయడంలో ప్రమాదం వేరే చోట ఉంది. మధ్యలో డ్రాఫ్ట్ మారిందా? మారితే ‘అదే ఫైలు’ అని పొరపాటున కూడా రాయొద్దు. ఫైలు పేరులో v1, v2 పెట్టండి, మెయిల్‌లో కూడా ‘v2, 6వ తేదీది, v1 వద్దు’ అని రాయండి. వాళ్లు v1 చూసి ‘కన్ఫర్మ్డ్’ అని పంపడం, మీరు లైన్‌కి v2 ఇవ్వడం జరిగిందంటే అసలు తగవు అప్పుడు మొదలవుతుంది. ఒరిజినల్ బీఎల్ చేతికొచ్చేశాక దిద్దాలంటే మూడు ఒరిజినల్సూ వెనక్కి ఇవ్వాలి.

వేలచ్చేరి విశ్రాంత ఉద్యోగి
నేను మన దగ్గర రెవెన్యూలో చేసి రిటైరయ్యాను, ఇప్పుడు అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మీ మెయిళ్ల గురించి నాకు తెలియదు గానీ, మా ఉత్తరాల్లో పైన ‘విషయం’, దాని కింద ‘సూచిక’ ఉండేవి. సూచికలో ఫలానా కార్యాలయపు లేఖ నంబరు, తేదీ. ఒకటి కంటే ఎక్కువుంటే 1, 2 అని వరసగా. లోపల ‘పై సూచిక 2లో కోరిన వివరాలు ఇంకా అందవలసి ఉన్నది’ అని రాసేవాళ్లం. ఎవర్నీ ఒక్క మాట అనక్కర్లేదు, తేదీలు చూస్తే ఎంత కాలం పడుకున్నారో పై అధికారికి అర్థమైపోతుంది. జ్ఞాపిక కూడా అంతే, పాత లేఖ నంబరు వేసి పంపడమే. అప్పటికీ కదలకపోతే అధికారి పేరు మీద డీఓ లెటర్. అందులో భాష ఇంకా మర్యాదగా ఉండేది, అందుకునేవాడికి మాత్రం చెమటలు పట్టేవి. మా సూపరింటెండెంట్ ఒకాయన డీఓ డ్రాఫ్టు రాస్తే చదవడానికి పక్క సెక్షన్ నుంచి వచ్చేవాళ్లు, అది వేరే కథ.

గిండీ గోపి
పెద్దాయన చెప్పింది బాగుంది. అయినా నా సందేహం తీరలేదు. వాళ్లు జవాబే ఇవ్వలేదనుకోండి, కటాఫ్ దాటింది. ‘8న 5 లోపు మార్పులు చెప్పకపోతే డ్రాఫ్ట్ ఉన్నది ఉన్నట్టు లైన్‌కి ఇచ్చేస్తాం’ అని రాస్తే చాలా మంది సరిపోతుందనుకుంటారు. అవతలివాడి మౌనాన్ని మనమే అంగీకారం అనేస్తే చెల్లదు. అక్కడైనా కాస్త గట్టిగా రాయాలి.

ప్యారిస్ కార్నర్ పాతకాపు
చెల్లదన్నది నిజమే. కానీ గట్టిగా రాస్తే మాత్రం చెల్లుతుందా? ‘మూడుసార్లు చెప్పాం’ అని రాసినా మౌనం మౌనమే. దానికి మందు బుకింగ్ రోజునే వేయాలి: కటాఫ్‌లోపు దిద్దుబాట్లు రాకపోతే మేం ఏం చేస్తాం, తర్వాత పడే ఛార్జి ఎవరిది అన్నది కొటేషన్‌లో పెట్టి ఒప్పించుకోవాలి. అప్పుడు రిమైండర్‌లో ‘ఫలానా తేదీ కొటేషన్‌లోని షరతు ప్రకారం’ అంటే చాలు. అది లేకపోతే ఫోన్ చేసి, మాట్లాడిన సంగతి రెండు లైన్లలో మెయిల్ పెట్టుకోండి. సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ అడుగుతారు, మెయిల్ ఘాటుగా ఉందా అని అడగరు.

మారతహళ్లి మనోళ్లు
బెంగుళూరు ఐటీ నుంచి ఒక మాట. మేం స్లాక్‌లో పాత మెసేజ్ మీద Copy link కొట్టి లింక్ పడేస్తాం, మాటలే అక్కర్లేదు. ఆ చానెల్‌లో లేనివాడికి అది తెరుచుకోదన్నది ఒక తలనొప్పి. ఫ్రీ ప్లాన్ అయితే 90 రోజులు దాటినవి కనబడవు కూడా.

ఇంకో సంగతి, ఎవరూ ఒప్పుకోరు గానీ చెప్తా. మెత్తటి మెయిల్‌కి మూడు రోజులు జవాబు రాదు. ‘యాజ్ పర్ మై ఎర్లియర్ మెయిల్’ అని మేనేజర్ని సీసీలో పెడితే పది నిమిషాల్లో వస్తుంది.

ప్యారిస్ కార్నర్ పాతకాపు
పది నిమిషాల్లో జవాబు తెప్పించింది సీసీ తమ్ముడూ, ‘యాజ్ పర్’ కాదు. కావాలంటే ఈసారి ఆ మాట తీసేసి సీసీ ఉంచి చూడు. సీసీ పెట్టేటప్పుడు కూడా ఎందుకో ఒక లైన్ రాయి: ‘కటాఫ్ రేపే కాబట్టి ఫలానా గారిని కలుపుతున్నాను.’ కారణం లేకుండా పెద్దవాళ్ల పేరు కనబడితే ఎంత మెత్తగా రాసినా ఫిర్యాదులాగే ఉంటుంది.

మారతహళ్లి మనోళ్లు
మా క్లయింట్ దగ్గర రెండూ కలిస్తేనే పని అవుతుంది అన్నా. మీ కస్టమర్లు మంచోళ్లేమో.

రాయపురం డాక్స్
పాతకాపు గారి వరసలోనే పంపాను, కొత్తావిడ పేరు To లో పెట్టి. అరగంటలో జవాబు: ‘కన్సైనీ ఓకే. వెయిట్ ఫ్యాక్టరీని అడిగి రేపు సాయంత్రం చెప్తాం.’ రేపు సాయంత్రమంటే 5కి ముందో తర్వాతో తెలియదు. ఇప్పుడు ‘7వ తేదీ మెయిల్‌లో కటాఫ్ చెప్పాను’ అని రాయాలని చెయ్యి లాగుతోంది.

ప్యారిస్ కార్నర్ పాతకాపు
రాయొద్దు. ‘కన్సైనీకి ధన్యవాదాలు. వెయిట్ మాత్రం రేపు 3 గంటల లోపు కావాలి, 5కి లైన్ మూసేస్తుంది’ అని పంపండి. ఈలోగా కటాఫ్ ఒక పూట పొడిగిస్తారేమో లైన్ వాళ్లని అడిగి ఉంచుకోండి. అడిగినట్టు కస్టమర్‌కి చెప్పకండి, చెబితే 3 కాస్తా 5 అవుతుంది.

గిండీ గోపి
3 గంటలకీ రాకపోతే?

ప్యారిస్ కార్నర్ పాతకాపు
ఫోన్. వీజీఎం ఇవ్వడానికి కంటైనర్ తూకం ఫ్యాక్టరీ ఎలాగూ తీసి ఉండాలి, ఆ స్లిప్పు ఫొటో పంపమనండి. అందులో ఖాళీ కంటైనర్ బరువు కూడా కలిసి ఉంటుంది, అది తీసేసి డ్రాఫ్ట్‌లోని గ్రాస్ వెయిట్‌తో పోల్చి చూడండి.

గిండీ గోపి
సరే. నేను మాత్రం ‘యాజ్ పర్’ నా దగ్గర ఉంచుకుంటాను, నాలుగో రిమైండర్‌కి.