అప్‌డేట్: అనంతపురం స్కూల్ సర్వే, పిల్లల పేర్ల సంగతి

నా ప్రశ్న: "తొమ్మిదో తరగతి పిల్లల పరీక్షల టెన్షన్ మీద సర్వే. పేర్లు తీసేసి రోల్ నంబర్ పెడితే చాలా?"

చాలదు. హాజరు పట్టీ తెరిస్తే 17 ఎవరో ఏ టీచరైనా చెప్పేస్తారు. అందుకే వరుస తారుమారు చేసి K482 లాంటి కోడ్‌లు ఇచ్చాం. ఆరు నెలల తర్వాత అదే పిల్లల్ని మళ్లీ అడగాలి కాబట్టి పేరు, కోడ్ ఉన్న జాబితా అప్పటిదాకా ఉండాల్సిందే. దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి మా గైడ్ మేడమ్ దగ్గర ఉంచాం. జవాబులు నా దగ్గర. రెండూ ఒకే లాప్‌టాప్‌లో ఉండవు.

రెండో విడత జవాబులు జత చేసి సరిచూసుకున్నాక జాబితాను బ్యాకప్‌లతో సహా తీసేస్తాం. గూగుల్ డ్రైవ్‌లో తీసేసిన ఫైలు ట్రాష్‌లో 30 రోజులుంటుంది, దాన్నీ ఖాళీ చేయాలి. ఆ తర్వాత ఏ తండ్రైనా "మా వాడి జవాబులు తీసేయండి" అన్నా అవి ఏవో మాకే తెలియదు. అందుకే ఎప్పటిదాకా అలా అడగొచ్చో సమ్మతి పత్రంలోనే రాశాం.

జాబితా పోయినంత మాత్రాన గుర్తుపట్టలేరని కాదు. బళ్లారి నుంచి వచ్చి ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్ల సెక్షన్‌లో ఒక్కతే అయితే, కోడ్ ఉన్నా ఇట్టే తెలిసిపోతుంది. ఊరి కాలమ్ తీసేశాం, కన్నడను ఉర్దూతో కలిపి "ఇతర భాష" అని రాశాం.